సంక్రాంతి టోర్నీ వద్దు, ముందు ఆరు సబ్జెక్టులు

మేడమ్ గారికి నమస్కారం. మాది బాపట్ల జిల్లా. తొమ్మిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నాను, లెఫ్ట్ కార్నర్. 2023-24లో సీనియర్ నేషనల్స్‌లో మా జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. 2024-25లో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీలో మూడో స్థానం వచ్చింది. మొన్న జులైలో క్యాంపులో మోకాలు తిరిగింది. మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ తెగిందన్నారు, 2025 ఆగస్టులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తున్నాను, నొప్పి లేదు. సంక్రాంతి టోర్నమెంటులో ఆడితే మళ్లీ ఫామ్‌లోకి వస్తావు, రైల్వే ట్రయల్స్‌కి పనికొస్తుంది అంటున్నారు కోచ్ గారు. మోకాలు పోయినా గోపీచంద్ ఆడలేదా అంటారు. వచ్చే జూన్‌కి నాకు 24 నిండుతాయి. బీకాం మూడేళ్లూ అయ్యాయి కానీ ఆరు సబ్జెక్టులు మిగిలాయి. నాన్న కౌలు రైతు. నాలుగు లక్షలిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒకాయన నాన్నకు ఫోన్లు చేస్తున్నాడు. ఆట తప్ప నాకేమీ రాదు. మోకాలు మళ్లీ పోతే నా గతేంటి? ఏం చేయమంటారు?
– ఒక కార్నర్ ప్లేయర్

అమ్మా,

సంక్రాంతికి ఆడొద్దు. మిగతా విషయాలు నిదానంగా చెబుతాను గానీ, ఈ ఒక్కదానికి మాత్రం ఇవాళే కోచ్ గారికి ఫోన్ చేసి ఆడనని చెప్పెయ్.

ఎందుకో కూడా తెలుసుకో, ఆయన అడిగితే చెప్పగలగాలి. ఆపరేషన్‌లో తెగిన ఏసీఎల్‌ని కుట్టి అతికించరు. సాధారణంగా నీ తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు తీసి దాని స్థానంలో బిగిస్తారు. అలా పెట్టిన ముక్క మొదటి నెలల్లో పెట్టిన రోజుకన్నా బలహీనపడుతుంది. దానికి మళ్లీ రక్తనాళాలు పుట్టాలి, లోపలి పోగులు కొత్తగా అల్లుకోవాలి. ఇదంతా పూర్తవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నొప్పి మాత్రం రెండు మూడు నెలలకే పోతుంది, వాపూ తగ్గుతుంది. నీకు ఇప్పుడు నొప్పి లేదంటే లోపలి ముక్క గట్టిపడిందని కాదు. నొప్పి పోయిందంతే.

సంక్రాంతి నాటికి నీ ఆపరేషన్‌కి అయిదు నెలలు. నువ్వు ఆడే స్థానమేమో కార్నర్. రైడర్ బోనస్‌కి కాలు చాపి వెనక్కి తిరిగే లోపు ఒక పాదం నేలకి పాతి, నడుము తిప్పి, కిందికి వంగి చీలమండ పట్టుకోవాలి. పట్టు దొరికాక వెనక నుంచి కవర్ డిఫెండర్ వచ్చి మీద పడుతుంది. పాతిన పాదం కదలకుండా మోకాలు మెలి తిరగడమంటే ఏసీఎల్ తెగే తీరే అది. పైగా పండగ టోర్నీలు సగం ఊళ్లలో మట్టి మీదే. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటుంది. అక్కడ ఫిజియో ఉండడు. ఇచ్చే ప్రైజ్‌మనీ పన్నెండు మంది పంచుకోవాలి.

తొమ్మిది నెలలు నిండకముందే మళ్లీ ఆటలోకి దిగినవాళ్లకు రెండోసారి గాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని అధ్యయనాలు గట్టిగానే చెబుతున్నాయి. ఇరవై అయిదేళ్లలోపు వాళ్లు ఇలాంటి ఆటల్లోకి తిరిగి వెళితే దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్లీ పోతోంది. తొమ్మిది నెలలు ఆగినా ప్రమాదం పూర్తిగా పోదు, తగ్గుతుందంతే. కాబట్టి నీ లెక్కలో మే నెల రాకముందు మ్యాట్ లేదు.

మేలో కూడా తేదీ చూసి ఎక్కకూడదు, పరీక్ష పెట్టించుకుని ఎక్కాలి. ఫిజియో దగ్గర చేసే వాటిలో ఒకటి చూడ్డానికి చాలా సులువుగా ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి ముందుకు గెంతి, అదే కాలి మీద తూలకుండా నిలబడాలి. ఎంత దూరం పడ్డావో టేపుతో కొలుస్తారు. మంచి కాలితో 140 సెంటీమీటర్లు గెంతితే ఆపరేషనైన కాలితో కనీసం 126 రావాలి, అంటే 90 శాతం. తొడ ముందు కండరం బలాన్ని యంత్రం మీద కొలిచినప్పుడు కూడా ఇదే లెక్క. ఇక్కడో మెలిక ఉంది, చాలామంది గమనించరు. ఇన్ని నెలలు ఆట లేకపోవడంతో నీ మంచి కాలు కూడా బలం తగ్గి ఉంటుంది. తగ్గిన కాలితో పోల్చి 90 శాతం వచ్చిందని సంబరపడితే మోసపోతాం. అందుకే గాయానికి ముందు క్యాంపుల్లో తీసిన స్టాండింగ్ జంప్, వర్టికల్ జంప్ లెక్కలు ఏ రిజిస్టర్లోనైనా ఉన్నాయేమో కనుక్కుని ఫిజియోకి చూపించు. ఫిజియో ఒప్పుకోకముందే ఇంట్లో గెంతి చూసుకోకు.

గోపీచంద్ సంగతీ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర మోకాలు పోయిన ప్రతి పిల్లకీ ఆ పేరే చెబుతారు. ఆయన మోకాలు దెబ్బతిన్నది 1994లో, ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్యలో ఏడేళ్లు ఉన్నాయి. అయిదో నెలలో పండగ మ్యాచ్ ఆడటానికి ఆయన పేరు సాక్ష్యం కాదు.

ఇప్పుడు రైల్వే సంగతి. తొందరంతా దాని కోసమే కదా, తేదీలు దగ్గర పెట్టుకుని చూద్దాం.

రైల్వే స్పోర్ట్స్ కోటా ఓపెన్ నోటిఫికేషన్లలో వయసు 18 నుంచి 25. రిజర్వేషన్ ఉన్నా సడలింపు ఇవ్వరు. ఆట ఘనతల్లో నోటిఫికేషన్ ఏడాదివీ, అంతకు ముందు రెండు ఆర్థిక సంవత్సరాలవీ మాత్రమే చూస్తారు. అంటే 2025-26 నోటిఫికేషన్‌కి 2023 ఏప్రిల్ 1 తర్వాతవి, 2026-27 నోటిఫికేషన్‌కి 2024 ఏప్రిల్ 1 తర్వాతవి. నీ సీనియర్ నేషనల్స్ 2023-24ది కాబట్టి ఈ ఏడాదితో దాని పని అయిపోతుంది. ఇంటర్ యూనివర్సిటీ మూడో స్థానం 2026-27 దాకా పనికొస్తుంది. 2027-28 వచ్చేసరికి అది కూడా లెక్కలోంచి జారిపోతుంది. ఆ నోటిఫికేషన్ వయసు లెక్కకట్టే తేదీ 2028 జనవరి అయితే అప్పటికి నీకు 25 దాటిపోతాయి కూడా. కాబట్టి నీకు మిగిలింది 2026-27 నోటిఫికేషన్ ఒక్కటే. దాని ట్రయల్స్ నీ తొమ్మిది నెలలు నిండాకే పడే అవకాశం ఎక్కువ. అంటే తొందరపడితే చేతిలో ఉన్న ఆ ఒక్క అవకాశమూ పోతుంది. ఆగితే అది నిలబడుతుంది.

ఆ అవకాశాన్ని సరిగ్గా వాడుకోవాలంటే మార్కులు ఎలా వేస్తారో తెలియాలి. మొత్తం వంద. ఆట ఘనతలకు 50, ట్రయల్స్‌లో నైపుణ్యం, ఫిట్‌నెస్, కోచ్‌ల అంచనా కలిపి 40, చదువుకు 10. ట్రయల్స్‌లో నలభైకి కనీసం 25 రాకపోతే ‘అన్‌ఫిట్’ అని అక్కడితో ఆపేస్తారు, మిగతా అరవై లెక్కలోకే రావు. సంక్రాంతికి నాలుగు క్యాచ్‌లు పట్టినందుకు ఈ వందలో ఒక్క మార్కు కూడా కలవదు. ఊరి టోర్నీ గుర్తింపున్న పోటీ కాదు. నోటిఫికేషన్‌లో ఒక్కోసారి ఏ స్థానానికి ఎన్ని పోస్టులో కూడా రాస్తారు. మహిళల కబడ్డీ అన్ని జోన్లలో ప్రతి ఏడాదీ ఉండదు. సికింద్రాబాద్ నోటిఫికేషన్ ఒక్కటే చూసి కూర్చోకుండా ప్రతి జోన్ రిక్రూట్‌మెంట్ సెల్ వెబ్‌సైటూ నెలకోసారి చూడు. కార్నర్ కావాలని రాసిన జోన్ దూరమైనా సరే దరఖాస్తు పెట్టు.

ఇవన్నీ కలిసొచ్చినా అది ఒక్క అవకాశమే. దేశమంతటి నుంచీ పిల్లలు వస్తారు, పోస్టులు రెండో మూడో ఉంటాయి. నీ మిగతా జీవితాన్ని దాని మీద నిలబెట్టకు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మోకాలు కాదు, ఆ ఆరు సబ్జెక్టులు.

ఆటయ్యాక క్రీడాకారిణికి తెరుచుకునే దారులన్నీ ఒకసారి చూడు. స్కూల్లో ఆటలు నేర్పే పీడీ కావాలంటే బీపీఈడీ కోర్సు చెయ్యాలి, దానికి డిగ్రీ కావాలి. పటియాలలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో ఏడాది కోచింగ్ డిప్లొమాకి డిగ్రీ, దాంతో పాటు జాతీయ స్థాయిలో ఆడిన రికార్డు అడుగుతారు. డిగ్రీ లేకుండా తీసుకునేది సాధారణంగా దేశానికి ఆడినవాళ్లనే. రైల్వేలోనే పై స్థాయి పోస్టులకు డిగ్రీ కావాలి. గ్రూప్స్ రాసి స్పోర్ట్స్ రిజర్వేషన్ వాడుకోవాలన్నా డిగ్రీయే. నీ దగ్గర ఆట ఉంది, సర్టిఫికెట్లున్నాయి, మూడేళ్ల కాలేజీ ఉంది. ఆరు పేపర్ల దగ్గర అన్నీ ఆగిపోయాయి. మన అమ్మాయిల్లో చాలామందికి ఇలాగే అవుతుంది. పరీక్షల సమయంలోనే క్యాంపు పడుతుంది, ‘తర్వాత రాసుకోవచ్చులే’ అంటారు. క్యాంపులు ఆగిపోయిన రోజున ఆ పేపర్ల సంగతి అడిగేవాళ్లు ఉండరు.

మే దాకా నీకు మ్యాట్ లేదు కదా. రిహాబ్‌కి రోజుకి రెండు గంటలు, పోనీ మూడు గంటలు. మిగతా సమయమంతా నీదే. నీ ఆటల జీవితంలో ఇంత ఖాళీ మళ్లీ దొరకదు. ఈ వారంలోనే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లు. మూడు సంగతులు కాగితం మీద రాయించుకో. మిగిలిన ఆరులో బేసి సెమిస్టర్లవి ఎన్ని, సరి సెమిస్టర్లవి ఎన్ని? బ్యాక్‌లాగులు సాధారణంగా ఆ సెమిస్టర్ పరీక్షలతో పాటే పెడతారు కాబట్టి, ఒకసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సి రావచ్చు. నీ బ్యాచ్ సిలబస్‌లో పరీక్ష రాయడానికి ఆఖరి గడువు ఎప్పుడు? గడువు దాటితే వన్‌టైమ్ ఛాన్స్ కోసం ఎదురుచూడాలి. మూడోది, ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, క్యాంపుల్లో తిరిగిన పిల్లలు రిపోర్టు ఇవ్వడం మర్చిపోతుంటారు. అన్ని పేపర్లూ పాసై, అది లేక డిగ్రీ ఆగిపోయిన వాళ్లున్నారు.

ఆరూ ఒకేసారి పెట్టుకోకు. బీకాంలో ఆటల పిల్లలకు మిగిలేవి ఎక్కువగా అకౌంటింగ్, కాస్టింగ్, స్టాటిస్టిక్స్ లాంటి లెక్కల పేపర్లే. వాటికి చదవడం చాలదు, రోజూ చేతితో లెక్కలు చెయ్యాలి. పాత ప్రశ్నపత్రాలు అయిదేళ్లవి తెచ్చుకుని, లెక్కల పేపరుకు పొద్దున గంటన్నర, థియరీ పేపరుకు సాయంత్రం గంట పెట్టు. మీ కాలేజీలో చదివి ఇప్పుడు ట్యూషన్ చెబుతున్న సీనియర్ అమ్మాయి ఎవరైనా ఉంటే అడుగు. నెలకి వెయ్యో రెండు వేలో ఫీజు పెట్టాల్సి వచ్చినా పెట్టొచ్చు.

ఈ పేపర్లు 2026 వేసవికి పూర్తయ్యాయనుకుందాం. ఆ తర్వాత నా సలహా బీపీఈడీ. ఎన్ఐఎస్ కాదా అని అడుగుతావు. ఎన్ఐఎస్ డిప్లొమా గొప్పదే, కోచ్ పోస్టులకు అదే అడుగుతారు. కానీ మన రాష్ట్రంలో కబడ్డీ కోచ్ పోస్టులు ఎప్పుడో ఒకసారి, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, సగం కాంట్రాక్టువే. పీడీ పోస్టులు డీఎస్సీలో వస్తాయి, ప్రైవేటు స్కూళ్లలో ఏటా ఖాళీ అవుతాయి, గురుకులాల్లో ఉంటాయి. ఇంటికి ఆసరా కావాల్సిన పిల్లకి ముందు జీతం వచ్చే చదువు కావాలి. బీపీఈడీ అయ్యాక, ఉద్యోగంలో కుదురుకున్నాక ఎన్ఐఎస్ వాళ్ల ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేసవిలో చెయ్యొచ్చు. నీది భారత జట్టు స్థాయి ఘనత అయితే ఈ క్రమాన్ని తిరగేసి చెప్పేదాన్ని.

బీపీఈడీ రెండేళ్లు. సీటు పీఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో వస్తుంది. అది మామూలు రాతపరీక్ష అనుకుని వెళ్లే వాళ్లున్నారు. పీఈసెట్‌లో పరుగు, షాట్‌పుట్, జంప్ ఉంటాయి, తర్వాత నీ ఆటలో నైపుణ్యం చూస్తారు. ఎక్కువ మార్కులు ఈ శారీరక పరీక్షలకే. అంటే ఈ దారిలో కూడా ఒకరోజు మోకాలు పనిచెయ్యాలి. పరీక్ష మామూలుగా వేసవిలో, జూన్ ప్రాంతాల్లో పడుతుంది. అప్పటికి నీకు పది నెలలు నిండుతాయి. ఫిజియోకి ఈ సంగతి ఇప్పుడే చెప్పు. కబడ్డీకి తిరిగి రావడానికీ, ఒక్కరోజు తిన్నగా పరుగెత్తి జంప్ చెయ్యడానికీ చేయించే కసరత్తు వేరు. రెండోది ముందే సాధ్యమవుతుంది. పైగా జంప్‌లో మంచి కాలితో లేవొచ్చు, దిగడం మాత్రం నేర్పించుకోవాలి. జూన్‌కి కాలు సిద్ధంగా లేదని వాళ్లంటే ఏడాది ఆగి 2027లో రాయి. పీఈసెట్ ఏటా ఉంటుంది, దానికి నీ పతకాల గడువుతో పని లేదు.

తర్వాత డీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో స్పోర్ట్స్ కోటాని 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు పెట్టి, రాతపరీక్ష లేకుండా ఆట ఘనతల మెరిట్‌తో భర్తీ చేశారు. రాతపరీక్ష లేదన్నారే గాని అర్హత లేదనలేదు. పోస్టుకు కావాల్సిన చదువు ఉన్నవాళ్లే ఆ జాబితాలోకి వచ్చారు. నీకన్నా పెద్ద పతకాలున్నా ఆ చదువు లేకపోతే బయటే ఉండిపోవాలి. డీఎస్సీకి పై వయసు 44 దాకా ఇచ్చారు. అంటే 2028లో బీపీఈడీ పూర్తి చేసి, 26 ఏళ్లకి నువ్వు నిలబడే వరుసలో నీ ముందు ఇంకా చాలా ఏళ్లుంటాయి. రైల్వేకి ఒక్క నోటిఫికేషన్ అయితే, ఇక్కడ వచ్చే ప్రతి డీఎస్సీ నీదే. అంతర్జాతీయ పతకాలున్న వాళ్లు మెరిట్‌లో నీకన్నా పైనే ఉంటారు, అది మర్చిపోకు. కోటాలో రాకపోతే జనరల్‌లో రాత రాసి పోటీ పడే అర్హత కూడా ఆ బీపీఈడీతోనే వస్తుంది.

పోలీసు, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ స్పోర్ట్స్ కోటా గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. అక్కడ మెడికల్ కఠినం. ఆపరేషనైన మోకాలితో వెళ్లేముందు ఆ నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాలు మీ డాక్టరుకి చూపించి అడుగు, ఫీజు ఆ తర్వాతే కట్టు.

సర్టిఫికెట్ల దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి ఆటగత్తెలు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. నీ పదో తరగతి మెమో, ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్, నేషనల్స్ సర్టిఫికెట్, మూడూ ఒకే మంచం మీద పరిచి చూడు. పదో తరగతిలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. నేషనల్స్ సర్టిఫికెట్ మీద ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా పేరు చివర్లో వస్తుంది. ‘లక్ష్మి’కి ఇంగ్లిష్‌లో ఒకచోట i, ఇంకోచోట y. పుట్టిన తేదీలో నెల తప్పు. ట్రయల్స్ దగ్గరైనా, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ చేసే వెరిఫికేషన్‌లోనైనా ముందు చూసేది ఇదే. ఆ రోజు తప్పు బయటపడితే అక్కడ దిద్దేవాళ్లు ఉండరు. ఇప్పుడైతే అసోసియేషన్ కార్యదర్శికి, యూనివర్సిటీ ఫిజికల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకి అర్జీ పెట్టి సరిచేయించుకోవచ్చు.

స్పోర్ట్స్ కోటా దరఖాస్తులకు మామూలు సర్టిఫికెట్‌తో పాటు నిర్ణీత ఫారాలు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో దేశానికి ఆడినవాళ్లకు ఫారం-1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడినవాళ్లకు ఫారం-2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం-3. నీకు రెండూ మూడూ కావాలి. ఫారం-2 మీద రాష్ట్ర అసోసియేషన్ కార్యదర్శి సంతకం, ఫారం-3 మీద యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకం ఉండాలి. ఇప్పుడే రెండేసి చొప్పున చేయించి పెట్టుకో. పదవిలో ఉన్నవాళ్లు మారిపోతారు, అసోసియేషన్లలో వర్గాలు పుడతాయి, పాత రికార్డు మా దగ్గర లేదంటారు. కబడ్డీలో ఇంకో ప్రమాదం ఉంది. ఫెడరేషన్ పేరుకి దగ్గరగా ఉండే పేర్లతో వేరే సంఘాలు కూడా ‘నేషనల్స్’ పెట్టి సర్టిఫికెట్లిస్తాయి. నీ సీనియర్ నేషనల్స్ సర్టిఫికెట్ మీద అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అని ఉందో లేదో అక్షరం అక్షరం చదువు. వేరే సంఘానిదైతే దాన్ని నమ్ముకుని లెక్కలు వెయ్యకు. సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించకు, వెరిఫికేషన్ ముద్ర వెయ్యడానికి వీలుండదు.

ఈ రెండేళ్లూ ఇంటికి కొంత డబ్బు కావాలి కదా. వేసవి శిక్షణ శిబిరాలకు కబడ్డీ నేర్పేవాళ్లను తీసుకుంటారేమో జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసులో అడుగు. ఖేలో ఇండియా జిల్లా కేంద్రాల్లో ‘పాస్ట్ ఛాంపియన్ అథ్లెట్’ అని మాజీ క్రీడాకారులను శిక్షకులుగా పెట్టుకుంటారు. అందులో దేశానికి ఆడినవాళ్లకు మొదటి ప్రాధాన్యం, తర్వాత జాతీయ, యూనివర్సిటీ స్థాయి పతకాలున్న వాళ్లకు. మీ జిల్లాలో ఏ ఆటకు కేంద్రం ఇచ్చారో కూడా అక్కడే చెబుతారు. రాష్ట్ర అసోసియేషన్ రిఫరీ పరీక్ష పెట్టినప్పుడు రాసెయ్. కార్నర్‌లో నిలబడి రైడర్ కాలు చూసిన కళ్లకి బోనస్ గీత దాటిందో లేదో చెప్పడం వచ్చి ఉంటుంది. రిఫరీకి ఇచ్చే భత్యం తక్కువే గానీ, ఆట మనుషుల్లో నీ పేరు నిలబడుతుంది. ఇక్కడో జాగ్రత్త. రిటైరైన క్రీడాకారుల కోసం కేంద్రం 2024లో రీసెట్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. గ్వాలియర్‌లోని వ్యాయామ విద్యా సంస్థ ఎల్ఎన్ఐపీఈ నడుపుతుంది. 20 నుంచి 50 ఏళ్ల మధ్య మాజీలకు స్ట్రెంగ్త్ ట్రైనింగ్, ఈవెంట్ మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులు, ఇంటర్న్‌షిప్ ఉంటాయి. పనికొచ్చేదే. కానీ అది ఆట మానేసిన వాళ్లకి, రైల్వే అడిగేది ఆడుతున్న వాళ్లని. ఆ ఒక్క నోటిఫికేషన్ సంగతి తేలేదాకా రిటైరయ్యానని ఎక్కడా రాసివ్వకు.

ఇక నాలుగు లక్షల మనిషి. పైన చెప్పిన మార్కుల లెక్క నాన్నకి చూపించు. యాభై మార్కులు కాగితాల మీద, నలభై మైదానంలో అందరి ముందు. మధ్యలో ఆయన అమ్మేది ఏముంది? వీళ్ల పద్ధతి నాకు తెలుసు. పది మంది దగ్గర తలో నాలుగు లక్షలు తీసుకుంటారు. ఆ పదిమందిలో ఒకరికి సొంత ప్రతిభతో ఉద్యోగం వస్తే అది తమ పనే అంటారు. మిగతా తొమ్మిది మందికి ‘వచ్చే లిస్టులో’ అంటారు. ఇంకొందరు వేరే సంఘం నేషనల్స్ సర్టిఫికెట్ కొనిపిస్తారు. అది వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు పడుతుంది, నీ నిజమైన పతకం కూడా అనుమానంలో పడుతుంది. కౌలు రైతు నాలుగు లక్షలంటే వడ్డీకి తేవాల్సిందే. నాన్న ఒప్పుకోకపోతే కోచ్ గారినో, మీ కాలేజీ పీడీ గారినో ఇంటికి తీసుకెళ్లి మాట్లాడించు. కూతురి మాట కాదన్నా వాళ్ల మాట వింటారు.

‘ఆట తప్ప నాకేమీ రాదు’ అన్నావు. ఆ వాక్యం రాసేటప్పుడు నీ మనసెలా ఉందో నాకు తెలుస్తూనే ఉంది. జట్టు ప్రాక్టీసుకి వెళ్తుంటే కుర్చీలో కూర్చుని చూడటం చాలా కష్టం. అక్కడికి వెళ్లడం మానెయ్యకు గానీ, ఊరికే కూర్చోవడానికి వెళ్లకు. ఒక నోటు పుస్తకం తీసుకెళ్లు. మీ జట్టు రైడర్లు ఏ వైపు నుంచి లోపలికొస్తారు, ఎన్నో సెకనులో బోనస్‌కి వెళ్తారు, డూ ఆర్ డైలో ఎవరు తడబడతారు, మ్యాచ్ మ్యాచ్‌కీ రాయి. నెల తిరిగేసరికి కోచ్ గారికి కనిపించనిది నీకు కనిపిస్తుంది. బీపీఈడీ చదివేటప్పుడైనా, రేపు నీ స్కూలు జట్టుకైనా ఆ పుస్తకం పనికొస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు మూడు వారాలు దాటి సాగితే మోకాలి డాక్టరుకే చెప్పు, ఎవరి దగ్గరకి వెళ్లాలో ఆయన రాసిస్తారు. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మేలో పరీక్ష అయ్యాక, గెంతిన దూరాలూ, కండరం బలం అంకెలూ, అప్పటికి పాసైన పేపర్ల సంఖ్యా రాసి పంపు. 90 శాతం రాకపోతే రైల్వే ట్రయల్స్‌కి వెళ్లాలా, నేరుగా పీఈసెట్‌కే సిద్ధమవ్వాలా అన్నది అప్పుడు ఆ అంకెలు చూసి తేల్చుకుందాం.